ఎవరు, ఎప్పుడు? ఆ తర్వాతే అక్షరదోషం

జిల్లా పేజీలు ప్రెస్సుకు వెళ్లే ముందు గంటలో డెస్క్ మీద పనంతా ఒక్కసారిగా పడుతుంది. మండలాల నుంచి కంట్రిబ్యూటర్లు ఫోన్లలో టైపు చేసి పంపిన వార్తలు వరసగా వచ్చి పడుతుంటాయి. ఒక్కో చిన్న వార్తకు సబ్‌ఎడిటర్ ఇవ్వగలిగేది కొద్ది నిమిషాలే. ఆ కాస్త సమయంలో చాలామంది ముందు అక్షరదోషాలు దిద్దుతారు. కంటికి మొదట తగిలేవి అవే కనుక అలా జరుగుతుంది. కానీ ఎవరు ఎవరిని ఢీకొట్టారో తేలకుండా, ‘ఢీకొంది’లో దీర్ఘం సరిచేసి వదిలేస్తే ఆ వార్తను దిద్దినట్టు కాదు. దీర్ఘం పోతే పాఠకుడు నవ్వి ఊరుకుంటాడు. ‘అతడు’ ఎవరో తేలకపోతే తప్పు చేయనివాడిని చేసినవాడనుకుంటాడు.

అందుకే తొందరలో దిద్దేవారికి ఒక వరస కావాలి. ఒకే చదువులో అన్ని తప్పులూ దొరకవు. ఒక్కో చదువులో ఒక్కదాన్నే వెతకాలి. మొదటి చదువు ‘ఎవరు’ కోసం, రెండోది ‘ఎప్పుడు’ కోసం, మూడోది తిరిగి తిరిగి వచ్చే మాటల కోసం, చివరిది అక్షరాలూ అంకెల కోసం. ఈ వరస ఎందుకో తెలియాలంటే ఒక వార్తను చేతిలోకి తీసుకోవాలి. కింద ఉన్నది డెస్కులకు మామూలుగా వచ్చే తప్పులన్నిటినీ ఒకచోట చేర్చి రాసిన నమూనా. ఇది బుధవారం రాత్రి వచ్చిందనీ, గురువారం పత్రికలో రావాలనీ అనుకుందాం.

“మంగళవారం అర్థరాత్రి జాతీయ రహదారిపై లారీ ఢీకొన్న ఆటోలోని ముగ్గురు మృతి చెందడం జరిగింది. పెళ్లి విందు ముగించుకుని ఆటోలో ఇంటికి వెళ్తూ లారీ ఢీకొంది. ప్రమాదం జరిగిన సమయంలో ఆటోలో సుమారు 8 మందికి పైగా ప్రయాణిస్తున్నారు. ఈ ప్రమాదంలో ఆటో డ్రైవర్, అతని అన్న అక్కడికక్కడే మృతి చెందడం జరిగింది. అతని భార్యను ఆస్పత్రికి తరలిస్తుండగా మృతి చెందింది. నలుగురు గాయపడగా ఇద్దరి పరిస్థితి విషమంగా ఉంది. ప్రమాదం జరిగిన వెంటనే లారీ డ్రైవర్, క్లీనర్ పరారు కాగా అతన్ని స్థానికులు పట్టుకుని పోలీసులకు అప్పగించారు. అతడు మద్యం తాగి ఉన్నాడని ఎస్సై తెలిపారు. భాదిత కుటుంబాన్ని రేపు ఎమ్మెల్యే పరామర్శిస్తారు. కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నట్లు ఎస్సై తెలిపారు.”

పైపైన చదివితే అంతా అర్థమైనట్టే ఉంటుంది. తప్పుల్లేవనిపించే ఈ తీరే డెస్కును మోసం చేస్తుంది.

మొదటి చదువు: ఎవరు?

ఈ చదువులో వాక్యం మొత్తం చదవక్కర్లేదు. ప్రతి క్రియ దగ్గరా ఆగి ‘ఎవరు?’ అని అడగాలి. తెలుగులో కర్తను చెప్పకుండానే వాక్యం నడుస్తుంది. క్రియ చివరి ప్రత్యయం చూసి కర్తను పోల్చుకోవచ్చు. అయితే ఆ ప్రత్యయం అన్నిసార్లూ సాయం చేయదు. స్త్రీకీ, పశువుకూ, వస్తువుకూ ఏకవచనంలో క్రియ ఒకటే. “స్కూటీపై వెళ్తున్న యువతిని ఆవు ఢీకొంది. అదుపు తప్పి కాలువలో పడింది.” కాలువలో పడింది యువతా, స్కూటీనా, ఆవా? వ్యాకరణం ప్రకారం ముగ్గురూ పడొచ్చు. రెండో వాక్యానికి ‘యువతి’ అన్న ఒక్క మాట చేరిస్తే అయోమయం పోతుంది.

ఇప్పుడు మన నమూనా చూద్దాం. “ఆటోలో ఇంటికి వెళ్తూ లారీ ఢీకొంది.” ‘వెళ్తూ’ అన్నప్పుడు వెళ్లేదీ, తర్వాతి పని చేసేదీ ఒకరే అని పాఠకుడి లెక్క. ఆ లెక్కన ఆటోలో ఇంటికి వెళ్తున్నది లారీ. కర్తలు వేరైనప్పుడు ‘వెళ్తూ’ బదులు ‘వెళ్తుండగా’ రావాలి. వెళ్తున్నది ఎవరో కూడా చెప్పాలి. ‘-తూ’ కనిపించిన ప్రతిచోటా ఈ పరీక్ష చేస్తే ఇలాంటి వాక్యాలు చాలా దొరుకుతాయి.

“లారీ ఢీకొన్న ఆటో” అన్నది ఇంకా చిక్కు. లారీ వచ్చి ఆటోను కొట్టిందా, ఆటో పోయి లారీని కొట్టిందా? ప్రాణం లేని వస్తువు కర్మ అయితే తెలుగులో ‘ని, ను’ తప్పనిసరి కాదు. ‘నీళ్లు తాగాడు’ అంటాం కానీ ‘నీళ్లను తాగాడు’ అనం. ఈ వెసులుబాటు రెండు వాహనాలు ఎదురైనప్పుడు ప్రమాదకరం. తప్పు ఎవరిది, నష్టపరిహారం ఎవరివ్వాలి అన్న చర్చ అక్కడి నుంచే మొదలవుతుంది. కాబట్టి ప్రమాద వార్తలో ‘ఢీకొన్న’ను విశేషణంగా వాడకుండా, ‘ఆటోను లారీ ఢీకొట్టింది’ అని ‘ను’ పెట్టి నేరుగా రాయడం మేలు.

ఇక సర్వనామాలు. “ఆటో డ్రైవర్, అతని అన్న అక్కడికక్కడే మృతి చెందారు” అని దిద్దాం అనుకుందాం. తర్వాతి వాక్యంలోని “అతని భార్య” ఎవరి భార్య? డ్రైవర్ భార్యా, అన్న భార్యా? కుటుంబంలో మిగిలింది ఎవరన్నది దీన్నిబట్టే మారిపోతుంది. ఇక్కడ తెలుగు మంచి ఉపాయం ఇస్తుంది. మన చుట్టరికాల మాటలు చాలా నిక్కచ్చిగా ఉంటాయి. చనిపోయింది అన్న భార్య అయితే ‘డ్రైవర్ వదిన’ అంటే చాలు. సర్వనామం తీసేసి బావ, తోడల్లుడు, మరదలు, మేనత్త అని చుట్టరికం రాస్తే చాలా చిక్కులు ఒక్క మాటతో విడిపోతాయి.

అన్నిటికంటే పెద్ద తప్పు లారీ డ్రైవర్, క్లీనర్ దగ్గరుంది. పారిపోయింది ఇద్దరు. పట్టుబడింది ‘అతను’. తాగి ఉన్నది ‘అతడు’. క్లీనర్ దగ్గరలో ఉన్న పేరు కనుక పాఠకుడు క్లీనరే అనుకోవచ్చు. లారీ నడిపింది డ్రైవర్ కనుక మరొకరు డ్రైవర్ అనుకోవచ్చు. పేర్లతో అచ్చయితే, తాగి బండి నడిపాడన్న నింద తప్పు మనిషి మీద పడుతుంది. ఒకే లింగానికి చెందిన ఇద్దరు ఉన్న వాక్యం తర్వాత ‘అతడు, ఆయన, ఆమె’ రాకూడదన్నది డెస్కులో కచ్చితంగా పాటించాల్సిన నియమం. పేరో, హోదానో మళ్లీ రాయాలి.

ఇతరుల మాటలు చెప్పేటప్పుడు ఈ ప్రశ్న ఒక్క అక్షరం మీద ఆధారపడుతుంది. “రాజీనామా చేస్తానని పార్టీ అధ్యక్షుడు చెప్పారు” అంటే రాజీనామా చేసేది అధ్యక్షుడు. “చేస్తారని చెప్పారు” అంటే ఇంకెవరో. ‘న’కు బదులు ‘ర’ పడితే పదవి పోయే మనిషే మారిపోతాడు. ‘-నని’, ‘-రని’, ‘-డని’ కనిపించినచోట మాట్లాడింది ఎవరు, ఆ పని చేసేది ఎవరు అని విడివిడిగా అడగాలి.

గౌరవ వాచకాలు కూడా ఈ చదువులోనే తేలాలి. నమూనాలో ఎమ్మెల్యే ‘పరామర్శిస్తారు’, చనిపోయిన మహిళ ‘మృతి చెందింది’. ఒకే వార్తలో ఒకరికి ‘రు’, ఒకరికి ‘ది’ పెట్టాలంటే దానికి పత్రిక ఒప్పుకొన్న పద్ధతి ఉండాలి. రాసినవాడి చేతివాటం అందుకు కారణం కాకూడదు.

రెండో చదువు: ఎప్పుడు?

పత్రిక రాత్రి తయారై ఉదయం చదివించుకుంటుంది. రాసేవాడి ‘ఈరోజు’ చదివేవాడికి ‘నిన్న’. రాసేవాడి ‘రేపు’ చదివేవాడికి ‘ఈరోజు’. నమూనాలో బుధవారం రాసిన ‘రేపు’ గురువారం. గురువారం పొద్దున పత్రిక చదివేవారు ఎమ్మెల్యే శుక్రవారం వస్తారనుకుంటారు. నిన్న, నేడు, రేపు అన్న మాటలు కనిపించగానే వారం పేరు పెట్టేయాలి. శీర్షికల్లో ‘నేడు’ వాడే పత్రికలు దాన్ని పత్రిక తేదీ నుంచే లెక్కిస్తాయి.

‘మంగళవారం అర్ధరాత్రి’ అన్నదీ చిక్కే. మనవాళ్లకు తెల్లవారితేనే రోజు మారుతుంది. పోలీసుల ఎఫ్ఐఆర్‌లో మాత్రం పన్నెండు దాటగానే తేదీ మారుతుంది. మంగళవారం అర్ధరాత్రి అంటే సోమవారం పోయి మంగళవారం వచ్చిన రాత్రా, మంగళవారం పోయి బుధవారం వచ్చిన రాత్రా? ‘మంగళవారం అర్ధరాత్రి దాటాక 12.30 గంటలకు’ అని రాస్తే రెండు లెక్కలవారికీ ఒకటే అర్థమవుతుంది. రెండు మూడు గంటలైతే ‘బుధవారం తెల్లవారుజామున’ అంటే సరిపోతుంది.

తర్వాత క్రియల కాలం. ‘పరామర్శిస్తారు’ లాంటి ‘-తా’ రూపం తెలుగులో రెండు పనులు చేస్తుంది. జరగబోయేదీ చెబుతుంది, ఎప్పుడూ జరిగేదీ చెబుతుంది. ‘మంత్రి ఆదివారం ప్రజలను కలుస్తారు’ అంటే ఈ ఆదివారమా, ప్రతి ఆదివారమా? ఈ గందరగోళాన్ని తప్పించడానికే పత్రికల భాషలో ‘కలవనున్నారు, పరామర్శించనున్నారు’ అన్న రూపం బాగా స్థిరపడింది. ముందే ఖరారైన ఒక్క కార్యక్రమానికి దాన్ని వాడి, అలవాటుగా జరిగేదానికి ‘ప్రతి’ చేర్చితే సందేహం ఉండదు.

‘పరిస్థితి విషమంగా ఉంది’ అన్న వర్తమానం త్వరగా పాతబడుతుంది. బుధవారం సాయంత్రం నిజమైనది గురువారం ఉదయానికి అబద్ధం కావచ్చు. ఆ మనిషి కోలుకోవచ్చు, చనిపోనూవచ్చు. ‘బుధవారం సాయంత్రానికి విషమంగా ఉందని వైద్యులు తెలిపారు’ అని సమయాన్నీ, చెప్పినవారినీ చేర్చితే ఆ వాక్యం ఎప్పుడు చదివినా నిజమే. ‘దర్యాప్తు చేస్తున్నారు’, ‘గాలిస్తున్నారు’, ‘ధర్నా కొనసాగుతోంది’ అన్నవాటికీ ఇదే పరీక్ష.

దీనికి ఎదురుగా ఇంకో ప్రమాదం ఉంది. సాయంత్రం జరగాల్సిన సభకు మధ్యాహ్నమే ‘ప్రారంభించారు, ప్రసంగించారు’ అని వార్త రాసి పంపేస్తుంటారు. వానకు సభ ఆగిపోతే, జరగని సభ పేజీలో జరిగిపోతుంది. భూతకాలంలో ఉన్న కార్యక్రమం వార్త చూసినప్పుడు అది ఏ గంటకు డెస్కుకు చేరిందో చూడాలి. కార్యక్రమం గంట కంటే ముందే వస్తే ఫోన్ చేయాల్సిందే.

ఇంగ్లిష్ ఏజెన్సీ వార్తల అనువాదంలో కాలం మరో రకంగా దెబ్బతింటుంది. ఇంగ్లిష్‌లో ఒకరి మాట చెప్పేటప్పుడు లోపలి క్రియను కూడా భూతకాలంలోకి మారుస్తారు. తెలుగులో మనిషి అన్న కాలం అలాగే ఉంటుంది. ‘జ్వరంగా ఉంది’ అని ఒకాయన చెబితే, మనం ‘తనకు జ్వరంగా ఉందని చెప్పారు’ అంటాం. ఇంగ్లిష్ వాక్యాన్ని పట్టుకుని ‘జ్వరంగా ఉండేదని చెప్పారు’ అని రాస్తే జ్వరం ఎప్పుడో తగ్గిపోయినట్టు అర్థం.

మూడో చదువు: మళ్లీ మళ్లీ వచ్చేవి

నమూనాలో ‘జరగడం’ నాలుగు సార్లు వచ్చింది. అందులో రెండు ‘మృతి చెందడం జరిగింది’. ‘మరణించారు’ అన్న ఒక్క మాట ఆ మూడు మాటల పని చేస్తుంది. ‘-డం జరిగింది’ అనవసరంగా పొడవు పెంచడమే కాదు, చేసినవాడిని దాచేస్తుంది కూడా. ‘రోడ్డు తవ్వడం జరిగింది’ అంటే ఎవరు తవ్వారు? మున్సిపాలిటీయా, నీటి పైపులు వేసే కాంట్రాక్టరా? దాన్ని కొట్టేసి మామూలు క్రియ పెట్టబోతే కర్త కావాల్సి వస్తుంది. అప్పుడు కంట్రిబ్యూటర్ అడగడం మరిచిన ప్రశ్న బయటపడుతుంది.

అయితే తిరిగి వచ్చిన ప్రతి మాటా తప్పు కాదు. లారీని ప్రతిసారీ లారీ అనడం విసుగని, ఒకచోట ‘భారీ వాహనం’, ఇంకోచోట ‘ట్రక్కు’ అని మారుస్తుంటారు. పాఠకుడు రోడ్డు మీద మూడు బళ్లు చూస్తాడు. మనుషులు, వాహనాలు, ఊళ్లు, సంస్థల పేర్లు ఎన్నిసార్లు వచ్చినా మార్చకూడదు. మార్చాల్సినవి ‘ఈ సందర్భంగా’, ‘కాగా’, ‘అనంతరం’, ‘ఈ మేరకు’ లాంటి అతుకులు. వాటిలో చాలావాటిని తీసేస్తే చాలు, వేరే మాట వెతకక్కర్లేదు.

‘తెలిపారు’ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. మూడుసార్లు వచ్చిందని ఒకదాన్ని ‘అంగీకరించారు’ అనీ, ఇంకోదాన్ని ‘ఒప్పుకున్నారు’ అనీ మార్చడం పొరపాటు. ‘ఒప్పుకున్నాడు’ అంటే నేరం చేశాడని పత్రిక చెప్పినట్టే. పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలును నిందితుడిపై రుజువుగా చూపడానికి వీల్లేదని 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చెప్పింది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లోనూ ఆ నియమం ఉంది. కోర్టు లెక్కచేయని ఒప్పుకోలును పత్రిక నిజమన్నట్టు రాయకూడదు. ‘తెలిపారు’ ఎక్కువైతే ఒకే మనిషి చెప్పిన రెండు సంగతులను ఒక వాక్యంలో కలపాలి.

ఒకదాన్నొకటి కొట్టేసే జంటలు కూడా ఈ చదువులోనే దొరుకుతాయి. ‘సుమారు 8 మందికి పైగా’ అన్నదాంట్లో ‘సుమారు’ అంటే అటూ ఇటూ, ‘పైగా’ అంటే పైకి మాత్రమే. ఎనిమిదిమందిని లెక్కపెట్టలేని ఆటో ఉండదు కనుక ఇక్కడ రెండూ అనవసరం.

చివరి చదువు: అక్షరాలూ అంకెలూ

ఇప్పుడు అక్షరదోషాల వంతు. కింది పేరా నుంచి పైకి చదివితే కథ వెంట పరుగెత్తకుండా కన్ను అక్షరం మీద నిలుస్తుంది. నమూనాలో ‘భాదిత’ తప్పు, ‘బాధిత’ ఒప్పు. వేదింపులు, విధ్యార్థి, ఆద్వర్యంలో, నిర్దారణ అన్నవి రోజూ వచ్చే ఇలాంటి తప్పులే. వేధింపులు, విద్యార్థి, ఆధ్వర్యంలో, నిర్ధారణ అని దిద్దాలి. ఒత్తు ఏ అక్షరానికి ఉందో చూడటమే వీటికి మందు.

కంప్యూటర్ పట్టుకోలేని తప్పులు వేరే ఉన్నాయి. ‘అర్థం’ ఉన్న మాటే, ‘రాత్రి’ ఉన్న మాటే. కానీ సగం రాత్రి ‘అర్ధరాత్రి’. సాంస్కృతిక కార్యక్రమాల వార్తల్లో ‘నృత్యాలు ఆహుతులను అలరించాయి’ అని తరచూ వస్తుంది. పిలుపు అందుకుని వచ్చినవారు ఆహూతులు. ఆహుతి అంటే అగ్నిలో వేసేది. ఒక్క దీర్ఘం లేకపోతే అతిథులు మంటల్లో పడతారు. పాత పేజీ నుంచి కాపీ చేసినప్పుడు వరస చివర విరిగిన మాటల్లో ‘ప్రభు త్వం’, ‘అధి కారులు’ అని ఖాళీలు మిగిలిపోతాయి. వాటినీ కలపాలి. ఆస్పత్రి, ఆసుపత్రి లాంటివి తప్పొప్పుల సంగతి కాదు. ఏ పత్రికకు ఆ పత్రిక ఒకటి ఎంచుకుని దానికి కట్టుబడుతుంది.

అంకెలకు కూడికే పరీక్ష. నమూనాలో మృతులు ముగ్గురు, గాయపడినవారు నలుగురు, మొత్తం ఏడు. ఆటోలో ఎనిమిది మంది అన్నారు. మిగిలిన ఒకరు ఎవరు? ఈ లెక్క కట్టకుండా పేజీ వదిలితే మర్నాడు పాఠకుడు కడతాడు. అన్నీ అయ్యాక శీర్షికను మళ్లీ చూడాలి. వార్త దిద్దక ముందు పెట్టిన శీర్షికలో పాత సంఖ్య మిగిలిపోవడం మామూలు.

ఒక్క ఫోన్, ఐదు ప్రశ్నలు

ఈ చదువుల్లో తేలిన సందేహాలను సబ్‌ఎడిటర్ ఊహించి పూరించకూడదు. ఒక కాగితం మీద రాసుకుని కంట్రిబ్యూటర్‌కు ఒక్కసారి ఫోన్ చేయాలి. ఎవరు ఎవరిని ఢీకొట్టారు? చనిపోయినామె ఎవరి భార్య? పట్టుబడింది ఎవరు, తాగి ఉన్నట్టు ఎలా తేలింది? ఎనిమిదో మనిషి ఏమయ్యారు? సమయం ఎంత? జవాబులు వచ్చాక వార్త ఇలా ఉంటుంది.

“జాతీయ రహదారిపై మంగళవారం అర్ధరాత్రి దాటాక ఆటోను వెనుక నుంచి లారీ ఢీకొట్టడంతో ఒకే కుటుంబంలో ముగ్గురు మరణించారు. నలుగురు గాయపడ్డారు. పెళ్లి విందు ముగించుకుని ఎనిమిది మంది ఆటోలో ఇంటికి వెళ్తుండగా 12.30 గంటలకు ఈ ప్రమాదం జరిగింది. ఆటో డ్రైవర్, అతని అన్న అక్కడికక్కడే చనిపోయారు. ఆటో డ్రైవర్ వదిన ఆస్పత్రికి వెళ్లే దారిలో మరణించారు. గాయపడినవారిలో ఇద్దరి పరిస్థితి బుధవారం సాయంత్రానికి విషమంగా ఉందని వైద్యులు తెలిపారు. ఒకరు గాయాలు లేకుండా బయటపడ్డారు. పారిపోతున్న లారీ డ్రైవర్‌ను స్థానికులు పట్టుకుని పోలీసులకు అప్పగించారు. క్లీనర్ బుధవారం రాత్రి వరకు దొరకలేదు. లారీ డ్రైవర్ మద్యం తాగినట్లు పరీక్షలో తేలిందని, కేసు నమోదు చేశామని ఎస్సై చెప్పారు. బాధిత కుటుంబాన్ని ఎమ్మెల్యే గురువారం పరామర్శించనున్నారు.”

‘డ్రైవర్’ ఇద్దరు ఉన్నారు కనుక ప్రతిసారీ ఆటో అనో, లారీ అనో చేర్చాం. ఆ మాట తిరిగి తిరిగి వచ్చినా తప్పు లేదు. కంట్రిబ్యూటర్ ఫోన్ ఎత్తకపోతే మాత్రం ఒకటే దారి. తేలని వాక్యాన్ని తీసేయాలి. ‘లారీ సిబ్బందిలో ఒకరిని స్థానికులు పట్టుకున్నారు’ అన్నంత వరకే రాసి, తాగిన సంగతి మర్నాటికి ఆపాలి.

డెస్కు గోడకు అంటించుకోవడానికి ఈ జాబితా చాలు:

1. ప్రతి క్రియ దగ్గర ‘ఎవరు?’ అని అడిగామా? ‘-తూ’ ఉన్నచోట కర్త ఒకరేనా?
2. ఒకే లింగం వారు ఇద్దరున్నాక ‘అతడు, ఆమె, ఆయన’ వచ్చాయా? వస్తే పేరో, హోదానో, చుట్టరికమో రాశామా?
3. నిన్న, నేడు, రేపు తీసి వారం పేరు పెట్టామా? అర్ధరాత్రి ఏ రాత్రో తెలుస్తోందా?
4. ‘ఉంది, చేస్తున్నారు’ అన్నవాటికి సమయం చేర్చామా? జరగని కార్యక్రమం భూతకాలంలో ఉందా?
5. ‘-డం జరిగింది’ కొట్టేశామా? పేర్లు మార్చకుండా ఉంచామా?
6. ఒత్తులు, విరిగిన మాటలు, అంకెల కూడిక, చివరగా శీర్షిక చూశామా?

సమయం మరీ తక్కువైతే మొదటి నాలుగూ చూసి, అంకెలు కూడి పేజీ వదలండి. ఒత్తు తప్పు మర్నాడు సరిచేసుకోవచ్చు. తప్పు మనిషిని నేరస్థుడిగా అచ్చువేశాక, మర్నాడు లోపలి పేజీలో వేసే సవరణను ఆ వార్త చదివిన వారిలో చాలామంది చూడరు.